రోజూ రెండు గంటల కోత: ట్యూబ్యులర్ తీసేసి లిథియం పెట్టమంటున్నారు, నమ్మవచ్చా?

ఎర్రముక్కపల్లి మేడ
కడపలో మా ఇంటికి ఈ ఎండాకాలం రోజూ మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా కరెంటు ఉండడం లేదు. ఒకరోజు లైన్ల పని అంటారు, ఒకరోజు లోడు అంటారు. కారణం ఏదైనా రెండు గంటలు మాత్రం తప్పదు.

నాలుగేళ్ల క్రితం కొన్న 150 ఏహెచ్ ట్యూబ్యులర్ బ్యాటరీ ఉంది. మొదట్లో మూడు గంటలు నడిచినా ఇన్వర్టర్ కుయ్యిమనేది కాదు. ఇప్పుడు సరిగ్గా యాభై నిమిషాలకు ఆగిపోతోంది. మూడు ఫ్యాన్లు, టీవీ, వైఫై డబ్బా, అంతే. పగలు కాబట్టి బల్బులు వేయము. ఇంట్లో అమ్మకు డెబ్బై రెండేళ్లు. రెండు దాటాక తడి తువ్వాలు తల మీద వేసుకుని కూర్చుంటోంది, చూడలేకపోతున్నాను.

అంగడికి వెళ్తే "ట్యూబ్యులర్ రోజులు అయిపోయాయి సార్, 100 ఏహెచ్ లిథియం పెట్టుకోండి" అన్నాడు. 34 వేలట. పాతదానికి 4 వేలు తగ్గిస్తాడట. కొత్త ట్యూబ్యులర్ అయితే 16 వేలు చెప్పాడు. నా అనుమానం ఒక్కటే. 150 ఉన్న చోట 100 ఎలా సరిపోతుంది? ధర రెట్టింపు, అంకె తక్కువ. ఈ లెక్క ఎవరైనా అర్థమయ్యేలా చెప్పండి.

టవర్‌క్లాక్ రవి
కళ్లు మూసుకుని లిథియం తీసుకోండి అన్నా. అనంతపురంలో మా ఇంట్లో పెట్టి ఏడాది దాటింది. నీళ్లు పోయడం లేదు, వాసన లేదు, మూల మీద తెల్ల బూజు లేదు. ట్యూబ్యులర్‌లో సగమే వాడుకోగలం, మిగతా సగం వాడితే పాడవుతుంది. అంటే 150 అన్నది నిజానికి 75. లిథియంలో 100కు 90 పైనే వాడుకోవచ్చు. కాబట్టి 100 లిథియం అంటే దాదాపు 200 ట్యూబ్యులర్‌తో సమానం.

తుంగభద్ర గట్టు
స్కూటర్లు నడిరోడ్డు మీద తగలబడుతుంటే చూడలేదా? దాన్ని తెచ్చి అమ్మ పడుకునే గది పక్కన పెట్టమంటున్నారు. కర్నూలు ఎండకు మనుషులే తట్టుకోలేరు.

టవర్‌క్లాక్ రవి
అది వేరే లిథియం అన్నా, ఇది వేరే లిథియం.

తుంగభద్ర గట్టు
పాము పామే తమ్ముడూ, కట్లపామైతేనేం, తాచుపామైతేనేం.

ఉగ్గాని బజ్జీ
మా నాయన ప్రతి ఆయుధపూజకు బ్యాటరీకి పసుపు రాసి కుంకుమ పెట్టి నిమ్మకాయ కోస్తాడు. ఏడేళ్లు నడిచింది. ఇదీ ఒకసారి ప్రయత్నించండి, 34 వేలు మిగులుతాయి.

యాసిడ్ చొక్కా
ప్రొద్దుటూరులో ఇరవై ఆరేళ్లు బ్యాటరీ పని చేశాను, ఇప్పుడు అంగడి కొడుకు చూసుకుంటున్నాడు. పేరు చూసి నవ్వకండి. యాసిడ్ చుక్క పడిన చొక్కా ఆ రోజు బాగానే ఉంటుంది. ఉతికి ఆరేసినప్పుడు జల్లెడ కనిపిస్తుంది. మా ఆవిడ నాకు పెట్టిన పేరు ఇది.

ముందు గట్టు గారికి. రవి చెప్పింది నిజమే. ఇళ్లకు ఇన్వర్టర్ బ్యాటరీగా అమ్మేవి ఎక్కువగా లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం. చాలా స్కూటర్లలో వాడినవి నికెల్, కోబాల్ట్ కలిసిన రకం. మొదటిది అంత తేలికగా మంట పట్టదు. అసలు పట్టదని నేను చెప్పను, ఏ బ్యాటరీ గురించీ చెప్పను. ట్యూబ్యులర్ మాత్రం ఏమి సాధువు? ఛార్జింగ్ చివర్లో హైడ్రోజన్ వదులుతుంది. మూత తీసి బీడీతో తొంగి చూసిన వాడి కనుబొమలు కాలిపోవడం నేను చూశాను.

ఇక రవికి. సగమే వాడాలి అన్నది ఆయుష్షు కోసం చెప్పే మాట. అత్యవసరమైతే ట్యూబ్యులర్ అంతకంటే ఎక్కువే ఇస్తుంది. అంకెల లెక్క తర్వాత చెబుతాను.

మేడ గారూ, మీరు అడగవలసిన మొదటి ప్రశ్న లిథియమా, ట్యూబ్యులరా అన్నది కాదు. మూడు గంటలు ఇచ్చిన బ్యాటరీ యాభై నిమిషాలకు ఎందుకు వచ్చింది? మెల్లగా తగ్గుతూ వచ్చిందా, ఉన్నట్టుండి పడిపోయిందా? నీళ్లు ఎప్పుడెప్పుడు పోస్తున్నారు? హైడ్రోమీటర్ అని యాసిడ్ చిక్కదనం కొలిచే గాజు గొట్టం దొరుకుతుంది, రెండు వందల లోపే. ఆరు మూతలూ తీసి ఆరింటి అంకెలూ రాసి పెట్టండి. కళ్లద్దాలు పెట్టుకోండి, మంచి చొక్కా వేసుకోకండి.

పుల్లంపేట మామిడి
మాకూ ఇదే బాధ. అందుకే పైకప్పు మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించాను. ఇక బ్యాటరీతో పని లేదు కదా అనుకున్నాను. కరెంటు పోతే సోలార్ కూడా పోతోంది! నడినెత్తిన సూర్యుడు, ఇంట్లో చీకటి.

టవర్‌క్లాక్ రవి
అది గ్రిడ్‌కు కట్టిన సోలార్ అన్నా. లైను చచ్చిపోతే అది కూడా ఆగిపోవాలి. లేకపోతే స్తంభం మీద పని చేసే లైన్‌మన్‌కు మీ ఇంటి కరెంటు కొడుతుంది. దానికి బ్యాటరీతో కలిసిన హైబ్రిడ్ ఇన్వర్టర్ కావాలి.

పుల్లంపేట మామిడి
అమ్మేటప్పుడు ఈ ముక్క ఎవరూ చెప్పలేదు.

ఎర్రముక్కపల్లి మేడ
యాసిడ్ చొక్కా గారూ, అంకెలు తీశాను. మూడింటికి కరెంటు రాగానే కొలిచాను. ఆరింటిలోనూ 1150 అటూ ఇటుగా ఉంది. బ్యాటరీ చచ్చినట్టేనా?

నీళ్ల సంగతి అడిగారు. ఇదివరకు రెండు నెలలకు ఒకసారి రెండు లీటర్ల దాకా పట్టేది. దీపావళి తర్వాత అసలు తగ్గడమే లేదు. సూచికలు అన్నీ పచ్చగీత మీదే ఉన్నాయి. ఆ విషయంలో మాత్రం బ్యాటరీ బుద్ధిగా ఉంది.

యాసిడ్ చొక్కా
అయ్యో, అన్నం తిన్నాక గిన్నె తూచి బియ్యం తక్కువ ఉన్నాయన్నట్టుంది. యాభై నిమిషాలు వాడేసిన బ్యాటరీ అది, తక్కువే చూపిస్తుంది. రాత్రంతా ఛార్జ్ అయ్యాక, కోతకు ముందు, ఉదయం పదింటికి కొలవండి. అప్పుడు ట్యూబ్యులర్‌లో 1240 దగ్గర ఉండాలి.

మీరు బుద్ధి అంటున్నది నాకు రోగంలా వినిపిస్తోంది. కడప ఎండలో ఆరు నెలలుగా నీళ్లు తగ్గలేదంటే ఆ బ్యాటరీ నిండుగా ఛార్జ్ కావడం లేదని అనుమానించాలి. నిండే ముందు అది బుడగలు కక్కాలి, ఆ బుడగలతోనే నీరు పోతుంది. బుడగ లేదు, నీరు తగ్గలేదు, అంటే నిండలేదు. దీపావళికి ఏమైనా జరిగిందా? ఇన్వర్టర్ మార్చారా?

ఎర్రముక్కపల్లి మేడ
మార్చలేదు. కానీ దీపావళికి ముందు లోపలి బోర్డు కాలిపోతే రిపేరుకు ఇచ్చాను. వారం తర్వాత తెచ్చి బిగించారు.

యాసిడ్ చొక్కా
ఇన్వర్టర్ వెనక్కి టార్చి వేసి చూడండి. చిన్న జారుడు మీట ఉంటుంది, బ్యాటరీ రకం ఎంచుకోవడానికి. అది ఎక్కడ ఉందో చెప్పండి. అలాగే మల్టీమీటర్ ఉంటే, కరెంటు వచ్చిన నాలుగైదు గంటల తర్వాత బ్యాటరీ రెండు కొనల మధ్య ఎన్ని వోల్టులో చూడండి.

ఆదోని కుట్టుమిషన్
లిథియం గురించి నా అనుభవం చెబుతాను. మాది కుట్టు అంగడి, వెనకే ఇల్లు. మాకు రెండు గంటలు ఒక్కసారిగా పోదు. పొద్దున ముప్పావు గంట, మధ్యాహ్నం గంట, సాయంత్రం మళ్లీ ముప్పావు గంట. ట్యూబ్యులర్ ఉన్నప్పుడు మూడో కోతకు ఎప్పుడూ చేతులెత్తేసేది, మధ్యలో నిండడానికి తీరిక దొరికేది కాదు. లిథియం పెట్టాక ఆ బాధ పోయింది, చకచకా నిండుతుంది.

కానీ ఒక తంటా. ఇన్వర్టర్ పాతదే ఉంచాను. దాని ముందున్న దీపాలు బ్యాటరీ నిండుగా ఉందనే చూపిస్తాయి, చూపిస్తాయి, ఉన్నట్టుండి టక్కున ఆగిపోతుంది. ముందస్తు కూత కూడా ఉండదు. ఒకరోజు అలా ఆగాక కరెంటు వచ్చినా ఛార్జ్ ఎక్కలేదు. బ్యాటరీ లేదనే చూపించింది. పనివాడు వచ్చి ఇంకో బ్యాటరీ తీగలు ఒక్క నిమిషం తగిలిస్తే మేలుకుంది. దానికి మూడు వందలు తీసుకున్నాడు.

తుంగభద్ర గట్టు
చూశారా!

టవర్‌క్లాక్ రవి
అది బ్యాటరీ తప్పు కాదక్కా, పాత ఇన్వర్టర్ తప్పు.

యాసిడ్ చొక్కా
ఇద్దరిదీ కాదు, జత కుదర్చకుండా అమ్మిన వాడిది. లిథియం లోపల ఒక కాపలా బోర్డు ఉంటుంది, బీఎంఎస్ అంటారు. సెల్లు మరీ ఖాళీ అయినా, మరీ నిండినా, ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగినా అది తలుపు మూసేస్తుంది. మూసేశాక బయటి కొనల దగ్గర వోల్టేజి కనిపించదు. పాత ఇన్వర్టర్ అది చూసి అక్కడ బ్యాటరీయే లేదనుకుంటుంది. లేని బ్యాటరీకి ఛార్జింగ్ ఎందుకు ఇస్తుంది?

దీపాల సంగతి కూడా అంతే. ట్యూబ్యులర్ వాడుతున్న కొద్దీ వోల్టేజి మెట్టు మెట్టుగా దిగుతుంది, ఆ దిగుడు చూసే పాత ఇన్వర్టర్ దీపాలు ఆర్పుతుంది. లిథియం చాలాసేపు 13 వోల్టుల దగ్గరే బల్లపరుపుగా ఉండి చివర్లో బావిలోకి దూకినట్టు పడుతుంది. కుట్టుమిషన్ అమ్మా, అంగడి వాడిని లిథియం సెట్టింగ్ ఉన్న ఇన్వర్టర్ అడిగి ఉండవలసింది.

ఆదోని కుట్టుమిషన్
అడిగితే అక్కర్లేదన్నాడు. ఇప్పుడు నేనే గోడ మీద గడియారం చూసుకుంటూ, మిషన్ మోటారు ముందే ఆపేస్తున్నాను.

ఎర్రముక్కపల్లి మేడ
మీట దొరికింది! బూజు దులిపి చూస్తే 'ఎస్ఎంఎఫ్' అన్న వైపు ఉంది. రెండో వైపు 'ట్యూబ్యులర్' అని ఉంది. రాత్రి ఎనిమిదికి కొలిస్తే 13.5 వోల్టులు. ఈ ఉదయం పదింటికి హైడ్రోమీటర్: 1180, 1175, 1185, 1180, 1170, 1180.

యాసిడ్ చొక్కా
దొంగ దొరికాడు. ఎస్ఎంఎఫ్ అంటే మూత తీయరాని, నీళ్లు పోయని బ్యాటరీ. దానికి ఎక్కువ వోల్టేజి ఇస్తే లోపలి నీరు పోయి చెడుతుంది కాబట్టి ఇన్వర్టర్ జాగ్రత్తగా, తక్కువగా ఇస్తుంది. ట్యూబ్యులర్‌కు ఛార్జింగ్ చివర్లో 14.3, 14.4 దాకా ఎక్కాలి, తర్వాత 13.6కో 13.7కో దిగి అక్కడ నిలవాలి. మీది ఆ ఎత్తుకు ఎప్పుడూ ఎక్కడం లేదు. రిపేరు చేసిన కుర్రవాడు బోర్డు పరీక్షించుకోవడానికి మీట జరిపి మరిచిపోయి ఉంటాడు. దీపావళి నుంచి మీ బ్యాటరీ అర్ధాకలితో పని చేస్తోంది.

అంకెలు చూస్తే ఒక మంచి వార్త ఉంది. ఆరూ దగ్గర దగ్గరగా ఉన్నాయి. అయిదు 1240 చూపించి ఒకటి 1100 చూపించి ఉంటే, బ్యాటరీలోని ఆ గది చచ్చిందని చెప్పి పాత సామాను బండికి ఇచ్చేయమనేవాడిని. అన్నీ సమానంగా తక్కువ ఉన్నాయంటే జబ్బు బ్యాటరీలో కంటే మేతలో ఉంది.

ఇన్వర్టర్ ఆపి, మీట ట్యూబ్యులర్ వైపు జరిపి, మళ్లీ వేయండి. ఈ మూడు రోజులు కోత సమయంలో ఒక్క అమ్మ ఫ్యాను తప్ప ఏమీ వేయకండి. మూతలు బిగించే ఉంచండి, గది కిటికీ తెరిచి ఉంచండి. నీళ్లు తగ్గడం మొదలవుతుంది, సంతోషించండి. నెలల తరబడి సగం ఆకలితో ఉన్న ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది, అది పూర్తిగా కరగదు. పాత మూడు గంటలు ఆశించకండి.

ప్రొద్దుటూరు పసిడి
నీళ్ల మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. ఏసీ పైపు నుంచి వచ్చే నీళ్లు పోయవచ్చా? రోజూ బకెట్ నిండుతోంది.

యాసిడ్ చొక్కా
వద్దు. ఆవిరి చల్లబడిన నీరే అయినా లోపల దుమ్ము, రేకుల లోహం కడుక్కుని వస్తుంది. డబ్బా డిస్టిల్డ్ వాటర్‌కు ఎంత అవుతుంది? అంగళ్లలో తాగడానికి అమ్మే నీళ్లూ వద్దు, వాటిలో ఉప్పులు మిగిలే ఉంటాయి.

ప్రొద్దుటూరు పసిడి
పొదుపు చేద్దామనుకున్నాను.

ఉగ్గాని బజ్జీ
ఆ బకెట్ నీళ్లు బ్యాటరీ మీది నిమ్మకాయ చెట్టుకు పోయండి.

ఎర్రముక్కపల్లి మేడ
మూడు రోజులు కాగానే రాస్తాను. అంతలో ఆ 100, 150 లెక్క చెప్పండి. అంగడి వాడు రోజూ ఫోను చేస్తున్నాడు.

యాసిడ్ చొక్కా
మీ ఇంటి లోడుతోనే చెబుతాను. పాత రకం ఫ్యాను ఒక్కోటి 75 వాట్లు, మూడింటికి 225. టీవీ 70, వైఫై 10. మొత్తం 305. ఇన్వర్టర్ తన కమీషన్ తీసుకుంటుంది, కాబట్టి బ్యాటరీ నుంచి దాదాపు 380 వాట్లు లాగుతుంది. 12 వోల్టుల మీద అది 32 ఆంపియర్లు.

డబ్బా మీద 150 ఏహెచ్ అని రాసేది ఇరవై గంటల లెక్క. ఏడున్నర ఆంపియర్ల చొప్పున మెల్లగా తాగితే 150 ఇస్తుంది. 32 చొప్పున గబగబా తాగితే అంత ఇవ్వదు, 110 దగ్గర ఆగుతుంది. అంటే కొత్తది మీ లోడును మూడున్నర గంటలు మోస్తుంది. లిథియంకు ఈ గొడవ దాదాపు లేదు. 100 ఏహెచ్ అంటే 12.8 వోల్టుల మీద 1280 వాట్ అవర్లు, చివరి పదో వంతు వదిలేస్తే మీ ఇంట్లో మూడు గంటలు. చూశారా, ఈ లోడులో 100, 150 దాదాపు సమానమే. అంగడి వాడు అబద్ధం చెప్పలేదు. 200తో సమానమన్న రవి మాట మాత్రం ఎక్కువ.

ఇప్పుడు లోడు తగ్గించి చూడండి. బీఎల్‌డీసీ ఫ్యాన్లు 30 వాట్లలో తిరుగుతాయి. మూడూ అవే పెడితే లోడు 170కి దిగుతుంది, బ్యాటరీ నుంచి 18 ఆంపియర్లు. ఇక్కడ అదే 150 ట్యూబ్యులర్ ఏడు గంటలు పోతుంది, లిథియం అయిదున్నర. మెల్లగా తాగేకొద్దీ ట్యూబ్యులర్ అంకె నిజమవుతూ వస్తుంది. కాబట్టి ఏ లోడులో అన్నది చెప్పకుండా ఇది దానితో సమానం అనే మాటకు అర్థం లేదు.

టవర్‌క్లాక్ రవి
సరే, 200 అన్నది వెనక్కి తీసుకుంటాను. కానీ ఆయుష్షు చూడండి. రోజుకు ఒక కోత అంటే ఏడాదికి 365 సార్లు. ట్యూబ్యులర్ ఆ లెక్కన నాలుగయిదేళ్లు. లిథియం 3000 సార్లు అంటున్నారు, ఎనిమిదేళ్లు. 16 వేలు రెండుసార్లు పెట్టినా 32 వేలు. ఇక తేడా ఎక్కడ?

యాసిడ్ చొక్కా
ఈ లెక్క బాగుంది. అయితే రెండోసారి కొనేటప్పుడు పాత ట్యూబ్యులర్‌కు సీసం తూకం మీద డబ్బు వస్తుంది, లిథియంకు ఇప్పటికి మా అంగట్లో ఎవరూ ఏమీ ఇవ్వడం లేదు. పైగా ఆ 3000 వాడకం లెక్క. బ్యాటరీ వాడకపోయినా వయసు మీద పడుతుంది, వేడిలో ఇంకా తొందరగా.

గుంతకల్లు జంక్షన్
వేడి మాట ఎత్తారు కాబట్టి. మా లిథియం మేడ మీద మెట్ల గదిలో ఉంది. గోడకు థర్మామీటర్ వేలాడదీశాను. మే నెలలో మధ్యాహ్నం మూడింటికి 47 డిగ్రీలు. కోత అయిపోయి ఛార్జింగ్ మొదలయ్యేది సరిగ్గా అప్పుడే. కొన్ని రోజులు ఛార్జింగ్ ఎక్కకుండా అలాగే ఉండి, సాయంత్రం ఆరు తర్వాత మొదలవుతోంది. పుస్తకంలో చూస్తే ఛార్జింగ్‌కు 45 డిగ్రీల లోపు అని ఉంది.

తుంగభద్ర గట్టు
నేను మొదటే చెప్పాను.

టవర్‌క్లాక్ రవి
మీరు తగలబడుతుందన్నారు, ఆయన ఛార్జ్ ఆగింది అంటున్నారు. కాపలా బోర్డు తన పని చేసింది. ట్యూబ్యులర్ అదే గదిలో ఉంటే ఆగేది కాదు, నోరెత్తకుండా ఉడికిపోయేది.

యాసిడ్ చొక్కా
రవి, ఈసారి నీ వైపే మాట్లాడతాను. ట్యూబ్యులర్ కూడా ప్రతి పది డిగ్రీల వేడికి సగం ఆయుష్షు పోగొట్టుకుంటుందని మా పనిలో అందరూ చెప్పుకునే లెక్క. జంక్షన్ గారూ, ఏ బ్యాటరీ అయినా సరే, కిందికి దించండి. మెట్ల కింద, నీడలో, గాలి ఆడే చోట. మందమైన తీగ వాడండి, దూరం పెంచకండి.

గుంతకల్లు జంక్షన్
మెట్ల కింద మా అత్తగారి ఊరగాయ జాడీలు ఉన్నాయి. సంప్రదింపులు జరుగుతున్నాయి.

ఆదోని కుట్టుమిషన్
కరెంటు బిల్లు తేడా ఎవరూ చెప్పలేదు. లిథియం పెట్టాక బిల్లు తగ్గుతుందని నాకు చెప్పి అమ్మారు.

యాసిడ్ చొక్కా
తగ్గుతుందమ్మా, కానీ కంటికి ఆనదు. ట్యూబ్యులర్ తీసుకున్న దానిలో కొంత బుడగలుగా, వేడిగా వృథా చేస్తుంది. మేడ గారి లోడుకు రోజుకు పావు యూనిట్ అటూ ఇటుగా తేడా. నెలకు ఏడెనిమిది యూనిట్లు. దాని కోసం 18 వేలు అదనంగా పెట్టరు.

నందలూరు గార్డు
వారంటీ గురించి ఒక మాట. కార్డు మీద 36+24 అని ఉంటే అయిదేళ్లు అనుకుంటాము. మొదటి 36 నెలలే ఉచితంగా మారుస్తారు. తర్వాతి 24 నెలలు కొత్తదాని మీద కొంత తగ్గిస్తారు, అదీ డబ్బా మీద ముద్రించిన ధర నుంచి. మామూలుగా అంగట్లో ఇచ్చే ధర దాని కంటే ఎప్పుడూ తక్కువే. నేను నలభయ్యో నెలలో తీసుకెళ్తే నాకు మిగిలింది ఆటో ఖర్చు కూడా కాదు.

పుల్లంపేట మామిడి
సీసం బ్యాటరీల మీద జీఎస్టీ తగ్గిందని విన్నాను, నిజమేనా?

నందలూరు గార్డు
నిజమే. 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం కాస్తా 18 అయింది. లిథియంకు అంతకు ముందే 18. అంతకు ముందు ముద్రించిన పాత లెక్కలు చూసి లిథియంతో పోల్చుకోకండి.

ఎర్రముక్కపల్లి మేడ
అయిదో రోజు రాస్తున్నాను. మీట మార్చిన రాత్రే 14.3 వోల్టులు చూశాను. బ్యాటరీ దగ్గర చెవి పెడితే సన్నగా బుసబుస. కడప బండ మీద పెట్టాము, ఆ బండ కూడా గోరువెచ్చగా అయింది. మొదట భయపడ్డాను, తర్వాత మీ బుడగల మాట గుర్తొచ్చింది. ఈ ఉదయం హైడ్రోమీటర్: 1220, 1215, 1225, 1220, 1205, 1220. సూచికలు పచ్చగీత నుంచి కొంచెం దిగాయి.

నిన్న పూర్తి లోడు వేసి చూశాను. గంటా ఇరవై అయిదు నిమిషాలు.

యాసిడ్ చొక్కా
ఆ వయసుకు, ఆ పస్తులకు అది మంచి ఫలితమే. 1205 చూపిస్తున్న అయిదో గది మీద ఒక కన్ను ఉంచండి, ముందు పడేది అదే. ఇక 1240కి వస్తుందని నాకు ఆశ లేదు.

టవర్‌క్లాక్ రవి
అంటే ఇప్పటికీ ముప్పై అయిదు నిమిషాలు తక్కువ. కొనక తప్పదు కదా?

ఎర్రముక్కపల్లి మేడ
బ్యాటరీ కొనలేదు. రెండు బీఎల్‌డీసీ ఫ్యాన్లు కొన్నాను, హాలులో ఒకటి, అమ్మ గదిలో ఒకటి. రెండూ కలిసి ఆరు వేల మూడు వందలు. ఈరోజు కోత ఒంటిగంటా అయిదుకు మొదలై మూడూ పదికి అయిపోయింది. ఇన్వర్టర్ కుయ్యిమనడం మొదలు పెట్టింది మూడూ ఏడుకు.

ఉగ్గాని బజ్జీ
మూడు నిమిషాల తేడాతో గెలిచారు. ఇదే నిమ్మకాయ మహిమ.

యాసిడ్ చొక్కా
రోజూ ఇలా అడుగంటా గీకితే మిగిలిన ప్రాణం కూడా తొందరగా పోతుంది. టీవీ ఆపేయమనండి, ఇంకో అరగంట చేతిలో ఉంటుంది.

ఎర్రముక్కపల్లి మేడ
ఒంటిగంట నుంచి మూడు దాకానే అమ్మ సీరియళ్లు. ఆ మాట మీరే వచ్చి చెప్పండి సార్. ఈ బ్యాటరీ పోయాక ఏది కొనాలో మాత్రం ఇంకా తేలలేదు. నీళ్లు పోయడానికి అమ్మ వంగలేదు, నేను నెలలో పది రోజులు ఊళ్లో ఉండను. అది చూస్తే లిథియం వైపు మొగ్గుతున్నాను, కానీ దాంతో పాటు ఇన్వర్టర్ కూడా మార్చాలి.

యాసిడ్ చొక్కా
నీళ్లు పోసే మనిషి లేని ఇంటికి నేను కూడా లిథియమే చెబుతాను. ఇన్వర్టర్‌తో కలిపి ధర అడగండి. రెండు గంటలు ఒక్కసారే పోయే ఇంట్లో, పోసే మనిషి ఉంటే, నా ఓటు ట్యూబ్యులర్‌కే. మిగిలిన ఇరవై రెండు గంటల్లో నిదానంగా నిండుతుంది, తొందరేముంది.

టవర్‌క్లాక్ రవి
ఎనిమిదేళ్ల తర్వాత ఇక్కడే కలుద్దాం చొక్కా గారూ, నాది నడుస్తూ ఉంటుంది.

యాసిడ్ చొక్కా
నడిస్తే కొత్త చొక్కా కొనిపెడతాను నాయనా.

గుంతకల్లు జంక్షన్
ఊరగాయ జాడీలు మేడ మీదికి వెళ్లాయి. బ్యాటరీ కిందికి వచ్చింది. మెట్ల కింద మధ్యాహ్నం మూడింటికి 38 డిగ్రీలు. ఛార్జింగ్ వెంటనే ఎక్కుతోంది. ఊరగాయకు 47 డిగ్రీలు పనికిరాదంటూ అత్తగారు ఇప్పుడు థర్మామీటర్ తనకు ఇమ్మంటున్నారు.